ప్రొజెక్టర్ వెలగకపోయినా పేపరు ఆగకూడదు: సెమినార్‌కు రెండో దారి

తిరుపతి యూనివర్సిటీల ఊరు. చిత్తూరు, పుత్తూరు, మదనపల్లె వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సెమినార్‌లో పేపరు చదివి, సాయంత్రానికి తిరిగి వెళ్లే పరిశోధక విద్యార్థులు చాలామంది ఉంటారు. సాధారణంగా వాళ్లకు దక్కేది పదిహేను నిమిషాలు. హాలు తెలియదు, కంప్యూటర్ తెలియదు, ప్రొజెక్టర్ చూసేవాళ్లెవరో తెలియదు. ఆ పదిహేను నిమిషాల్లో ఐదు నిమిషాలు కేబుల్ దగ్గరో ఫైల్ దగ్గరో పోయాయంటే, నెలల తరబడి చేసిన పనిలో సగం కూడా వినిపించదు.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. చిత్తూరుకు చెందిన ఒక ఎకనామిక్స్ స్కాలర్ ఉందనుకోండి. తోతాపురి మామిడి ధర రైతు దగ్గర నుంచి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా ఎలా తేలుతుందన్నది ఆమె పేపరు. తెలుగులో పన్నెండు స్లైడ్లు. వాటిలో ఒక మ్యాప్, ఒక ధరల పట్టిక, ఒక గ్రాఫ్, ఒక రైతు మాట్లాడిన నిమిషం వీడియో ఉన్నాయి. ఫైల్ ల్యాప్‌టాప్‌లో ఉంది, పెన్‌డ్రైవ్‌లో ఉంది, గూగుల్ డ్రైవ్‌లో ఉంది, తన మెయిల్‌కు తానే పంపుకుంది కూడా. నాలుగు కాపీలున్నాయన్న ధీమాతో హాల్లోకి వచ్చింది. నిర్వాహకులు అందరి ఫైళ్లూ హాలు కంప్యూటర్‌లోనే వేయాలన్నారు. పెన్‌డ్రైవ్ పెట్టి తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోటల్లా ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు. మెయిల్‌లో ఉన్న కాపీ తెరిచినా అంతే. డ్రైవ్‌లోదీ అంతే.

ఆమెకున్నవి నాలుగు కాపీలు కావు, నాలుగు చోట్ల పెట్టిన ఒకే కాపీ. ఒక కారణం వల్ల అన్నీ ఒకేసారి చెడిపోతాయంటే ఎన్ని ఉన్నా ఒకటి కిందే లెక్క. కాబట్టి కాపీలు లెక్కపెట్టుకునే ముందు ఒక్కో కాపీ దేని మీద ఆధారపడి ఉందో చూసుకోవాలి. ఫలానా ఫాంట్ మీదా, ఇంటర్నెట్ మీదా, కరెంటు మీదా? దేని మీదా ఆధారపడనిది కనీసం ఒకటి చేతిలో ఉండాలి. అది కాగితమే. దాని దగ్గరకు మెల్లగా వద్దాం. ముందు ఫాంట్ సంగతి, ఎందుకంటే తెలుగులో స్లైడ్లు చేసేవాళ్లను ఎక్కువగా ముంచేది అదే, ఇంగ్లిషులో రాసిన సలహాల్లో అది పెద్దగా కనిపించదు.

మన డీటీపీ సెంటర్లలో తెలుగు చాలాకాలంగా అను ఫాంట్లలో కొడుతున్నారు. ఆ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో తెలుగు కనిపిస్తుంది, లేని సిస్టమ్‌లో అడుగునున్న ఇంగ్లిషు గుర్తులు బయటపడతాయి. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. మీరు వాడిన ఫాంట్ అక్కడ లేకపోయినా విండోస్ దగ్గరున్న మరో తెలుగు ఫాంట్ తీసుకుని చూపిస్తుంది.

మీ స్లైడ్లు ఏ పద్ధతిలో ఉన్నాయో తేల్చుకోవడం తేలిక. ఒక తెలుగు వాక్యం సెలెక్ట్ చేసి ఫాంట్‌ను Arial కు మార్చండి. తెలుగు తెలుగుగానే ఉంటే యూనికోడ్. పిచ్చి గుర్తులుగా మారితే అది అను లాంటి పాత పద్ధతి. చూశాక Ctrl+Z నొక్కి వెనక్కి తెచ్చుకోవచ్చు.

యూనికోడ్ అయినంత మాత్రాన చింత మొత్తం తీరిపోదు. గౌతమి ఫాంట్‌లో చేసిన స్లైడ్లు చాలామంది దగ్గర ఉన్నాయి. విండోస్ 10 నుంచి ఆ ఫాంట్ అన్ని సిస్టమ్‌లలోనూ ముందుగా ఉండదు, విడిగా చేర్చుకోవాలి. అది లేనిచోట నిర్మల అనే ఫాంట్ వస్తుంది. అక్షరం పోదు గానీ కొలతలు మారతాయి. ఐదు లైన్లు ఆరవుతాయి, ఆరో లైను స్లైడ్ కిందికి జారిపోతుంది, పట్టికలో అంకె పక్క గడిలోకి తోసుకొస్తుంది. ధరల పట్టికలో ఇలా జరిగితే తప్పుడు అంకె చదివే ప్రమాదం ఉంది.

దీనికి మందు పీడీఎఫ్. పవర్‌పాయింట్‌లో Save As దగ్గర PDF ఎంచుకుంటే వాడిన అక్షర రూపాలు ఫైల్‌లోనే కూర్చుంటాయి, అవతలి సిస్టమ్‌లో ఏ ఫాంట్ ఉందన్న ప్రశ్నే ఉండదు. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే ఆ పీడీఎఫ్‌ను మీ ఫోన్‌లో తెరవండి. ఫోన్‌లో అను ఫాంట్ ఉండదు కాబట్టి అక్కడ తెలుగు శుభ్రంగా కనిపిస్తే ఎక్కడైనా కనిపిస్తుంది. హాల్లో చూపించేటప్పుడు అడోబ్ రీడర్‌లో Ctrl+L నొక్కితే పేజీ తెర నిండా వస్తుంది, బాణం కీలతో స్లైడ్ల లాగే ముందుకు జరుపుకోవచ్చు.

పవర్‌పాయింట్ ఫైల్‌నే కాపాడుకోవాలనుకునేవాళ్లకు File, Options, Save లో Embed fonts in the file అనే గడి ఉంది. అది టిక్ చేస్తే ఫాంట్ కూడా ఫైల్‌తో పాటు వెళ్తుంది. అయితే కొన్ని ఫాంట్ల తయారీదారులు ఇలా పొదగడానికి అనుమతి ఇవ్వరు. అందుకే నా మట్టుకు పీడీఎఫ్‌నే ప్రధాన రక్షణగా పెట్టుకోమంటాను.

పీడీఎఫ్‌కూ పరిమితులున్నాయి. వీడియో కదలదు. యానిమేషన్ ఉండదు. ఒక బొమ్మ పోయి దాని స్థానంలో ఇంకోటి వచ్చేలా చేసిన స్లైడ్‌లో రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. అలాంటి స్లైడ్‌ను ముందే రెండు స్లైడ్లుగా విడగొట్టుకోవాలి. మన స్కాలర్ గ్రాఫ్ అలాంటిదే అనుకోండి. మొదట రైతుకు అందిన ధర గీత, తర్వాత దాని మీదికి ఫ్యాక్టరీ గేటు ధర గీత. యానిమేషన్ తీసేసి ఒకే గీతతో ఒక స్లైడ్, రెండు గీతలతో ఇంకో స్లైడ్ పెట్టుకుంటే పీడీఎఫ్‌లోనూ అదే వరుసలో చెప్పుకోవచ్చు.

ఇక ఇంటర్నెట్. ఫైల్ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తోంది కదా, ఆఫ్‌లైన్‌లో ఉన్నట్టే అనుకుంటాం. అలా ఉండనవసరం లేదు. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోని ఫైల్ పక్కన చిన్న మేఘం గుర్తు ఉంటే అది పేరు మాత్రమే. అసలు ఫైల్ ఇంటర్నెట్‌లో ఉంది, నెట్ లేకపోతే తెరుచుకోదు. దాని మీద రైట్ క్లిక్ చేసి Always keep on this device ఎంచుకోవాలి, మేఘం పోయి ఆకుపచ్చ టిక్ వచ్చేదాకా ఆగాలి. గూగుల్ స్లైడ్స్‌లో చేసుకునేవాళ్లయితే File, Download లోంచి ఒక పవర్‌పాయింట్ కాపీ, ఒక పీడీఎఫ్ దింపుకోవాలి. గూగుల్ ఆఫ్‌లైన్ సదుపాయం ఉన్నా అది మీ బ్రౌజర్‌లో ముందుగా ఆన్ చేసుకుంటేనే పని చేస్తుంది, హాలు కంప్యూటర్‌లో అక్కరకు రాదు.

వీడియో దగ్గర కూడా ఇదే చిక్కు. యూట్యూబ్ లింకును స్లైడ్‌లో అతికిస్తే బొమ్మ కనిపిస్తుంది గానీ నెట్ లేనప్పుడు ఆడదు. Link to File అని చేర్చిన వీడియో మీ ల్యాప్‌టాప్‌లోని ఫలానా ఫోల్డర్‌ను వెతుక్కుంటుంది, పెన్‌డ్రైవ్‌లోకి స్లైడ్ల ఫైల్ ఒక్కటే వెళ్తే వీడియో వెళ్లదు. వీడియోను ఫైల్‌లోకే చేర్చాలి, విడిగా కూడా అదే ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. కొన్ని ఫోన్లు ఇప్పుడు హెచ్265 రకంలో రికార్డు చేస్తున్నాయి. దాన్ని పాత సిస్టమ్‌లు ఆడించలేక శబ్దం మాత్రం వినిపించి నల్ల తెర చూపించవచ్చు. హెచ్264 ఎంపీ4 గా మార్చుకుంటే దాదాపు అన్ని చోట్లా ఆడుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చే పరీక్ష ఒకటే. ముందు రోజు ల్యాప్‌టాప్ వైఫై ఆపేయండి. పెన్‌డ్రైవ్‌లోని కాపీని తెరిచి మొదటి స్లైడ్ నుంచి చివరిదాకా నడపండి, వీడియోతో సహా. తర్వాత అదే పెన్‌డ్రైవ్‌ను ఇంకొకరి కంప్యూటర్‌లో పెట్టి మళ్లీ చూడండి. హాస్టల్లో స్నేహితురాలి ల్యాప్‌టాప్ చాలు. మీ ల్యాప్‌టాప్ ఒక్కదాంట్లో చేసే పరీక్ష అసంపూర్ణం, ఎందుకంటే మీ ఫాంట్లు, మీ ఫోల్డర్లు అక్కడే ఉన్నాయి.

మెయిల్‌లో కాపీ ఉంది కదా అనే ధైర్యం కూడా కొంత తగ్గించుకోవాలి. హాలు కంప్యూటర్‌లో మెయిల్ తెరవాలంటే నెట్ ఉండాలి, పాస్‌వర్డ్ గుర్తుండాలి, ఫోన్‌కు ధ్రువీకరణ రావాలి, ఆ హడావిడిలో లాగౌట్ మరిచిపోకూడదు. దానికన్నా ఫోన్ స్టోరేజీలోనే పీడీఎఫ్ దింపి పెట్టుకుని యూఎస్‌బీ కేబుల్ సంచిలో వేసుకోవడం మేలు. పెన్‌డ్రైవ్ ఎక్కకపోతే ఫోన్ నుంచి కేబుల్‌తో ఎక్కించవచ్చు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపాలి. స్లైడ్లను ఫొటోలుగా పంపితే నాణ్యత తగ్గి పట్టికలో అంకెలు మసకబారతాయి.

ప్రొజెక్టర్ మన చేతిలో లేని వస్తువు. అందుకే రెండు రోజుల ముందే ఫోన్ చేసి అడగాలి: "సార్, హాల్లో ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ ఉందా, వీజీఏ ఒక్కటేనా? మా ల్యాప్‌టాప్ పెట్టనిస్తారా, హాలు సిస్టమ్‌లోనే వేయాలా? బ్లాక్‌బోర్డు ఉందా?" ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సంచిలో ఏం పెట్టుకోవాలో తేలిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో వీజీఏ రంధ్రం ఉండదు, అడాప్టర్ మనమే తెచ్చుకోవాలి. టైప్-సి రంధ్రం ఉన్నా ప్రతి టైప్-సి బొమ్మను బయటికి పంపదు, కొన్ని ఛార్జింగ్‌కూ డేటాకూ మాత్రమే. కొన్న అడాప్టర్‌ను మీ ల్యాప్‌టాప్‌తోనే ఏదైనా టీవీకి తగిలించి చూసుకున్నాకే నమ్మాలి.

కేబుల్ తగిలించినా తెర నీలంగానే ఉంటే ముందు విండోస్ కీతో పాటు P నొక్కి Duplicate ఎంచుకోండి. ఆ తర్వాత ప్రొజెక్టర్‌లో Source సరైనదేనా చూడమని చెప్పండి. ఈ రెండూ చేశాక కూడా రాలేదంటే వేదిక మీద నిలబడి చేయగలిగింది పెద్దగా లేదు.

కరెంటు పోయినప్పటి సంగతి తెలిసినవాళ్లు తక్కువ. పాత తరహా ల్యాంప్ ప్రొజెక్టర్లలో ఉండేది పాదరసపు దీపం. వేడిగా ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి ఎక్కువగా ఉండి అది మళ్లీ అంటుకోదు, చల్లారాలి. కాబట్టి కరెంటు అర నిమిషంలో తిరిగొచ్చినా తెర మీద బొమ్మ రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో బటన్ పదే పదే నొక్కితే ప్రయోజనం లేదు, వాళ్లూ వీళ్లూ వచ్చి నొక్కకుండా చూస్తే చాలు. లేజర్, ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లకు ఈ బెడద లేదు. కరెంటుతో పాటే వైఫై రూటర్, మైకు కూడా పోతాయని గుర్తుంచుకోవాలి. ప్రొజెక్టర్ పోతే ఆన్‌లైన్‌లో లింకు పంపుతాననే ఆలోచన అందుకే గట్టిది కాదు. రెండూ ఒకే తీగ మీద ఉన్నాయి.

పదిహేను నిమిషాల పేపరుకు నా లెక్క రెండు నిమిషాలు. తెర రాకపోతే రెండు నిమిషాలు ప్రయత్నించాలి, తర్వాత తెర లేకుండానే మొదలుపెట్టాలి. మధ్యలో ప్రొజెక్టర్ వెలిగితే, ఎక్కడున్నామో ఆ స్లైడ్ నంబరు కొట్టి Enter నొక్కితే పవర్‌పాయింట్ స్లైడ్ షో నేరుగా అక్కడికే వెళ్తుంది. మొదటి స్లైడ్ నుంచి అందరి ముందూ జరుపుకుంటూ రావక్కర్లేదు. ఇందుకోసం చేతిలోని కాగితం మీద ప్రతి అంశం పక్కనా స్లైడ్ నంబరు ఉండాలి.

ఆ కాగితాన్ని పవర్‌పాయింట్ నుంచి నేరుగా ప్రింట్ తీస్తే సరిపోదు. ప్రింట్‌లో Outline అని ఉంటుంది. అందులో శీర్షిక, విషయం కోసం ముందే ఇచ్చిన గడుల్లో కొట్టిన మాటలే వస్తాయి. విడిగా టెక్స్ట్ బాక్స్ గీసి రాసినవి రావు, పట్టికలు రావు, గ్రాఫ్ రాదు. మనలో చాలామంది టెక్స్ట్ బాక్స్‌లతోనే స్లైడ్లు నింపుతాం కాబట్టి కాగితం సగం ఖాళీగా వస్తుంది. పేజీకి ఆరు స్లైడ్ల Handouts తీస్తే తెలుగు ఒత్తులు చదవలేనంత చిన్నవైపోతాయి. వర్డ్‌లో విడిగా రాసుకోవడమే దారి.

మన స్కాలర్ కాగితంలో ఒక భాగం ఇలా ఉండొచ్చు:

0–2 ని. (స్లైడ్ 1, 2) ప్రశ్న: తోటలో ధర ఎవరు చెబుతారు? రైతా, మండీనా, ఫ్యాక్టరీనా?

2–4 ని. (స్లైడ్ 3) మ్యాప్. తెర లేకపోతే: "బంగారుపాళెం, పూతలపట్టు" పేర్లు చెప్పి ముందుకు. *సమయం లేకపోతే వదిలేయి.*

4–8 ని. (స్లైడ్ 6, 7, 8) పట్టిక, గ్రాఫ్. తెర లేకపోతే: చేతిలో పంచిన కాగితం చూడమను. బోర్డు మీద రెండు గీతలు.

8–10 ని. (స్లైడ్ 9) వీడియో. తెర లేకపోతే: రైతు చెప్పిన రెండు వాక్యాలు చదువు.

10–12 ని. (స్లైడ్ 10) 2025 సీజన్: కిలోకు 12 రూపాయలు. ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4.

12–15 ని. (స్లైడ్ 11, 12) తేలినవి మూడు. *ఎంత ఆలస్యమైనా ఇది వదలకూడదు.*

ఇందులో పూర్తి వాక్యాలు తక్కువ. కాగితాన్ని చదివి వినిపిస్తే తల వంగిపోతుంది, సభ చేజారుతుంది. అంకెలు మాత్రం పూర్తిగా రాసి ఉండాలి, ఎందుకంటే టెన్షన్‌లో ముందు జారిపోయేవి అవే. పది ప్లస్ రెండా, ఎనిమిది ప్లస్ నాలుగా అని వేదిక మీద తడుముకోకూడదు. అక్షరాలు కనీసం పదహారు పాయింట్లలో, ఒకవైపే ప్రింట్ తీయాలి. పేజీ నంబరు పెద్దగా ఉండాలి. ప్రొజెక్టర్ కోసం దీపాలు తగ్గించిన హాల్లో పన్నెండు పాయింట్ల తెలుగు కనిపించదు, కరెంటు పోతే అసలే కనిపించదు.

కాగితం తయారు చేసేటప్పుడే ఇంకో మేలు జరుగుతుంది. ప్రతి స్లైడ్ దగ్గరా "ఇది తప్పకుండా కళ్లతో చూడాల్సిందేనా?" అని అడగాల్సి వస్తుంది. పన్నెండు స్లైడ్లలో అలాంటివి ఆమెకు తేలింది పట్టిక, గ్రాఫ్ మాత్రమే. మ్యాప్ లేకపోయినా ఈ ప్రాంతం వాళ్లకు ఆ ఊళ్లు తెలుసు. వీడియోలో ముఖ్యం రైతు మాట, దాన్ని మాటగానే చెప్పొచ్చు. అందుకే సభికులకు పంచే కాగితం ఒక్క పేజీ చాలు: పైన పట్టిక, కింద గ్రాఫ్.

ఆ పేజీని జిరాక్స్‌కు ఇచ్చే ముందు గ్రాఫ్ గీతలు మార్చాలి. తెర మీద ఎరుపు గీత, ఆకుపచ్చ గీత బాగానే తెలుస్తాయి, నలుపు తెలుపు జిరాక్స్‌లో రెండూ ఒకే బూడిదరంగులోకి వస్తాయి. ఒకటి నిండు గీత, ఒకటి చుక్కల గీత పెట్టి, చివర్లలో "రైతుకు", "గేటు దగ్గర" అని రాసేస్తే రంగుతో పని లేదు. ముందు ఒక్క కాపీ తీయించి చూసి, సరిపోతేనే మిగతావి తీయించాలి. హాలు నిండా అందరికీ ఇవ్వక్కర్లేదు, వరుసకు రెండు మూడు చొప్పున పంచితే పక్కవాళ్లు కలిసి చూసుకుంటారు.

బోర్డు మీద గీసే బొమ్మను కూడా ఇంట్లో ఒకసారి గీసి చూడాలి. అసలు గ్రాఫ్‌లోని ప్రతి బిందువూ అక్కర్లేదు. అడ్డంగా సీజన్ వారాలు, నిలువుగా ధర, రెండు గీతలు, వాటి మధ్య ఎడం ఎక్కడ పెరిగిందో ఒక గుర్తు. అర నిమిషంలో అయిపోవాలి. అంతకన్నా ఎక్కువ పడితే బొమ్మను ఇంకా తగ్గించాలి.

చివరగా మిగిలే చిక్కు ఆఖరి నిమిషం మార్పులు. ముందు రోజు రాత్రి గైడ్ ఫోన్ చేసి, పట్టికలో ఒక అంకె సరిచేయమన్నారనుకోండి. ల్యాప్‌టాప్‌లో సరిచేస్తాం, పెన్‌డ్రైవ్‌లోదీ ఫోన్‌లోదీ పాతవే ఉండిపోతాయి, పంచే కాగితాలు అప్పటికే జిరాక్స్ అయిపోయి ఉంటాయి. ఏది కొత్తదో తెలియకపోవడం ఫైల్ లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే తప్పు అంకె ధైర్యంగా చెప్పేస్తాం. ఫైల్ పేరులోనే తేదీ, సమయం పెట్టుకుంటే కొంత నయం:

```
totapuri_0612_2130.pptx
totapuri_0612_2130.pdf
```

ఫైల్ పేరు తెలుగులో కాకుండా ఇలా పెట్టమనడానికి కారణం, కొన్ని పాత సిస్టమ్‌లు, టీవీలు తెలుగు పేరును గడులుగా చూపిస్తాయి. మార్పు చేసినప్పుడల్లా రెండు ఫైళ్లూ కొత్త పేరుతో మళ్లీ తీసి, పెన్‌డ్రైవ్‌లోనూ ఫోన్‌లోనూ పాతవి చెరిపేయాలి. బస్సెక్కాక మార్పు వస్తే మాత్రం ఫైల్ జోలికి పోకుండా ఉండటమే మంచిది. చేతి కాగితం మీద ఆ అంకెను పెన్నుతో కొట్టేసి పక్కన సరైనది రాసుకోవాలి. స్లైడ్ దగ్గరకు వచ్చినప్పుడు "మూడో వరుసలో అంకె సరిచేసుకోండి" అని నోటితో చెప్పాలి, పంచిన కాగితంలో కూడా పెన్నుతో దిద్దుకోమనాలి.